ఇంటర్వ్యూ అయినంక ఫోన్ రాకపోతే

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో, 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని సంఘం వాళ్ళు పిలిచినప్పుడు విషయం నువ్వే చూసుకో అన్నారు. నేను ఇరవై ఏడేళ్ళు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీల్లో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే పని చేసిన. ఇప్పుడు దానికి హెచ్ఆర్ అంటున్నారు, మేం చేరినప్పుడు పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనేవాళ్ళం. మన ఊరి పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నల్లో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, ఇంటర్వ్యూ అయి పది రోజులైంది. ఏం చెప్తలేరు. అడగాల్నా వద్దా? అడిగితే ఆత్రపడుతున్నాడు అనుకుంటరా?" ఈ పూట దాని గురించే మాట్లాడుతా.

మొదట నా సంగతి చెప్పాలె. 1992లో డిగ్రీ అయిపోయినంక హైదరాబాదులో ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు పోయిన. పేరు చెప్పను. బాగనే జరిగింది. "కబురు పంపుతాం" అన్నారు. మా ఇంట్ల ఫోన్ లేదు. దరఖాస్తులో పక్కింటి వాళ్ళ నంబర్ రాసి, ముందర పీపీ అని పెట్టిన. పిల్లలకు పీపీ అంటే తెల్వకపోవచ్చు. ఫోన్ వాళ్ళది, పిలిచేది మనల్ని. మూడు రోజులైంది, కబురు లేదు. నాలుగో రోజు కరీంనగర్ బస్టాండు దగ్గరి ఎస్‌టీడీ బూత్‌కు పోయి ఫోన్ కొట్టిన. రాత్రిపూట అయితే రేటు తక్కువ, కానీ రాత్రి ఆఫీసు ఉండదు కదా. పట్టపగలు పూర్తి రేటుకు, ఎర్ర అంకెల మీటరు చూసుకుంటూ మాట్లాడిన. అవతల గుమాస్తా "ఇంకా కాలేదండీ" అన్నాడు. మర్నాడు మళ్ళీ కొట్టిన. ఆ మర్నాడు మళ్ళీ. ఆరో రోజు నేను హలో అనంగనే ఆయన "కరీంనగరా? ఇంకా కాలేదు" అని పెట్టేసిండు. నా గొంతు గుర్తుపట్టిండు గానీ నా పేరు, నేను అడిగిన పోస్టు ఆయనకు గుర్తు లేవు.

ఆ ఉద్యోగం రాలేదు. ఫోన్లు చేసినందుకే రాలేదు అని చెప్పలేను. తర్వాత నేను ఆ కుర్చీలోకే వచ్చి కూర్చున్నంక తెలిసిందేమిటంటే, నేను ఆ మూడు రోజులు ఏమీ తెలియని మనిషిని అడిగిన, ఆయన జవాబు చెప్పలేని ప్రశ్న అడిగిన. "ఏమైంది?" అన్న. "ఎప్పటికి తేలుతుంది?" అనలేదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. ఏమైంది అంటే ఫలితం అడిగినట్టు. ఫలితం తేలేదాకా ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఎప్పటికి అంటే తేదీ అడిగినట్టు. తేదీ చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడనే చెప్పేస్తా. నేను చెప్పేది ప్రైవేటు కంపెనీల ముచ్చట. సర్కారు కొలువులకు ఇది పనికిరాదు. అక్కడ ఇప్పుడు ఇంటర్వ్యూలే తగ్గిపోయినయి. కేంద్రంలో గ్రూప్-బి నాన్ గెజిటెడ్, గ్రూప్-సి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేసిండ్రు. మన రాష్ట్రంలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో తీసేసిండ్రు. ఇంటర్వ్యూ ఉన్నచోట కూడా అధికారులకు ఫోన్ చేయడం, ఎవరితోనైనా చెప్పించడం చేస్తే అనర్హులను చేస్తామని నోటిఫికేషన్లలోనే రాస్తారు. అక్కడ వెబ్‌సైట్ చూసుకోవాలె. మరీ ఆలస్యమైతే పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలె. మన పెద్దలకు ఇంటర్వ్యూ అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు, కాల్ లెటర్, పోస్ట్‌మన్ కోసం ఎదురుచూపు. అందుకే ఇంట్ల వాళ్ళు "ఆగరాదు బిడ్డా, వస్తే వస్తది" అంటారు. ఆ మాట అక్కడికి సరిపోతుంది. ప్రైవేటులో సరిపోదు.

సరే, కంపెనీ లోపల ఏం జరుగుతుందో చెప్తా. మీరు ఇంటర్వ్యూ ఇచ్చి బయటికొచ్చి బస్సెక్కిన్రు. మీ మనసుల అప్పటి నుంచి గడియారం మొదలైంది. లోపల మాత్రం ఇంకా మొదలు కాలేదు. మిమ్మల్ని అడిగిన ఇద్దరు ముగ్గురు ఎవరి పని మీద వాళ్ళు పోయిన్రు. వాళ్ళు తమ అభిప్రాయం కంప్యూటర్‌లో రాసి పంపాలె. ఒకాయన అదే రోజు రాస్తాడు. ఇంకొకాయన ఊరికి పోతాడు, వారం తర్వాత రాస్తాడు. అందరివీ వచ్చేదాకా హెచ్ఆర్ వాళ్ళు ముందుకు పోలేరు. నేను చేసే రోజుల్లో ఒక్కో మనిషి చేతుల ఒకేసారి ఇరవై, ముప్పై ఖాళీలుండేవి. మీ ఫైలు అందులో ఒకటి.

తర్వాత మీలాగే పిలిచిన మిగతావాళ్ళ ఇంటర్వ్యూలు పూర్తి కావాలె. అప్పుడు పోల్చి చూసి ఒకరిని అనుకుంటారు. ఆ మనిషికి ఎంత జీతం ఇవ్వాలో లెక్క వేసి పైవాళ్ళ అనుమతికి పంపుతారు. అది డబ్బు లెక్కలు చూసే విభాగం దాటి రావాలె. మూడు నెలల లెక్కలు ముగిసే మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ ఆఖరి వారాల్లో ఈ కాగితం కదలడం కష్టం. ఒక్కోసారి ఆ పోస్టే కొన్నాళ్ళు ఆపేస్తారు. ఆపినట్టు అభ్యర్థికి చెప్పేవాళ్ళు తక్కువ. ఎందుకంటే రేపే మళ్ళీ తెరవొచ్చు.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. మొదట అనుకున్న మనిషికి ఆఫర్ ఇస్తారు. ఒప్పుకోవడానికి ఆయనకు కొన్ని రోజులు గడువిస్తారు. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు పీరియడ్ తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లో ఆయన ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకోవచ్చు, చివరి రోజు రానని చెప్పొచ్చు. ఇట్ల ఎన్నోసార్లు నాకే అయింది. అందుకని రెండో స్థానంలో ఉన్న మనిషికి "కాదు" అని చెప్పకుండా ఉంచుతారు. ఆ రెండో మనిషి మీరైతే మీకు వచ్చే జవాబు ఒక్కటే, "ప్రాసెస్‌లో ఉంది." అది అబద్ధం కాదు. అట్లని పూర్తి నిజమూ కాదు.

ఇదంతా ఎందుకు చెప్పిన్నంటే, ఆ నిశ్శబ్దంలో మీ గురించి ఎవరూ చెడ్డగా అనుకోవడం లేదు. చాలాసార్లు అసలు మీ గురించి ఎవరూ ఏమీ అనుకోవడమే లేదు. అడిగితే అనుమానిస్తారేమో అన్న భయం అక్కడి నుంచే తగ్గాలె.

అయితే అడగడం ఎప్పుడు మొదలుపెట్టాలె? ఇంటర్వ్యూ గదిలోనే. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా. మనోళ్ళు నూటికి తొంభై మంది "నో సార్, థాంక్యూ సార్" అని లేచి వస్తారు. అప్పుడే మూడు మాటలు అడగాలె. దీని తర్వాత ఇంకా ఎన్ని రౌండ్లున్నయి? ఎప్పటిలోగా చెప్తారు? ఆ తేదీ దాటితే నేను ఎవరికి మెయిల్ రాయాలె? బయటికి రాంగనే మెట్ల మీదనే ఆ తేదీ, ఆ పేరు చిన్న కాగితం మీద రాసుకోవాలె. ఈ మూడో ప్రశ్న చాలా విలువైంది. తర్వాత మీరు మెయిల్ రాసినప్పుడు అది ఆత్రం కాదు, వాళ్ళు చెప్పిన పనే మీరు చేసినట్టు. తేదీ వాళ్ళది, పేరు వాళ్ళిచ్చింది. మీరు గుర్తుచేస్తున్నరు, అంతే.

"వారం పది రోజుల్లో చెప్తాం" అన్నారనుకోండి. మన భాషలో వారం పది రోజులంటే వారమా, పదా, పదిహేనా ఎవరికీ తెల్వదు. అక్కడనే నవ్వుతూ "అంటే వచ్చే నెల మొదటివారం అనుకోవచ్చా సార్?" అని ఒక తేదీకి కట్టేయాలె.

ఇప్పుడు మన బడి అమ్మాయి ముచ్చట చెప్తా. పేరు చెప్పొద్దని తనే అన్నది, మిగతాది చెప్పడానికి ఒప్పుకుంది. పెద్దపల్లి వైపు ఊరు. కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో రెండేళ్ళు పనిచేసింది. 2023 జూన్ 14, బుధవారం నాడు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో ఆఖరి రౌండు ఇచ్చింది. నేను ముందే చెప్పి పంపిన కాబట్టి తేదీ అడిగింది. రెండు వారాలన్నారు. అంటే జూన్ 28.

జూన్ 23 రాత్రి పదకొండు నలభైకి నాకు ఒక మెయిల్ చిత్తు పంపింది. "బాబాయ్, ఇది పంపనా?" అని. అందులో ఏముందంటే, గౌరవనీయులైన సార్ అని మొదలై, ఇంటర్వ్యూకు అవకాశమిచ్చినందుకు ఎంతో కృతజ్ఞతలు, మీ కంపెనీలో పనిచేయడం నా కల, నాన్నకు ఆరోగ్యం బాగుండడం లేదు, ఇంటి బాధ్యత నాదే, ఏమైనా అప్‌డేట్ ఉంటే దయచేసి తెలుపగలరు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. ఒక పేజీ.

నేను రెండు మాటలన్న. మొదటిది, 28 రాకముందు పంపవద్దు. వాళ్ళు చెప్పిన తేదీకి ముందే అడిగితే వాళ్ళ మాట నమ్మనట్టు. రెండోది, ఇందులో అసలు ప్రశ్న ఏది బిడ్డా? "ఏమైనా అప్‌డేట్ ఉంటే" అనేది ప్రశ్న కాదు. చదివిన మనిషి మీ పేరు వెదకాలె, ఏ పోస్టో చూడాలె, ఎవరు ఇంటర్వ్యూ చేసిన్రో చూడాలె, ఎక్కడ ఆగిందో కనుక్కోవాలె, అప్పుడు ఏం చెప్పాలో ఆలోచించాలె. అంత పని ఉంటే ఆ మెయిల్‌ను తర్వాత చూద్దామని పక్కన పెడతాడు. నాన్న ఆరోగ్యం సంగతి చదివితే జాలి పడతాడు. జాలి పడ్డ మనిషికి జవాబు రాయడం ఇంకా కష్టమైతది. అది మానం లేని మాట అని నేను అనను, నిజమైన కష్టమే. కానీ చదివేవాడి చేతుల దానికి మందు లేదు. క్షమించండి అనేది కూడా తీసేయించిన. తప్పు చేస్తే గదా క్షమాపణ.

జూన్ 28 దాటింది. 29 బక్రీద్ సెలవు. 30 శుక్రవారం, మూడు నెలల లెక్కల చివరి రోజు. తర్వాత శని, ఆదివారాలు. సోమవారం పొద్దున అందరి డబ్బాలూ నిండి ఉంటయి. అందుకని జులై 4, మంగళవారం పొద్దున పదిన్నరకు పంపించిన. కొత్త మెయిల్ కాదు, ఇంటర్వ్యూకు పిలుస్తూ వాళ్ళు పంపిన పాత మెయిల్‌కే జవాబుగా. కింద పాతదంతా ఉంటుంది, వెదికే పని లేదు. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. తెలుగులో వాటి అర్థం ఇది:

"నమస్తే. జూన్ 14న ఫలానా పోస్టుకు ఆఖరి రౌండు ఇంటర్వ్యూకు హాజరయ్యాను. 28 నాటికి నిర్ణయం చెబుతామని ఆ రోజు చెప్పారు. ఆ తేదీ మారి ఉంటే, ఇప్పుడు ఎప్పటికి అనుకోవచ్చో చెప్పగలరా? నా వైపు నుంచి పత్రాలు ఏమైనా కావాలంటే ఈ వారమే పంపగలను."

కింద పేరు, ఫోన్ నంబర్. అంతే. ఇందులో కల లేదు, కృతజ్ఞత లేదు, దిగులు లేదు. చదివిన మనిషి ఒక తేదీ రాసి పంపితే అయిపోతుంది, అర నిమిషం పని. మూడో వాక్యం చూడండి. "మీరు చెప్పలేదు" అనలేదు, "తేదీ మారి ఉంటే" అన్నది. తప్పించుకోవడానికి వాళ్ళకు ఒక తలుపు ఉంది.

మర్నాడు సాయంత్రం జవాబొచ్చింది. ఒక సభ్యుడి అభిప్రాయం రావాల్సి ఉంది, జులై 14 నాటికి చెప్తామని. ఆమె దానికి ఒక్క వాక్యం రాసింది, "తెలిపినందుకు ధన్యవాదాలు, 14 వరకు చూస్తాను." అక్కడ ఆపాలె. కొందరు ఆ సందు చూసి నా ఇంటర్వ్యూ ఎట్ల జరిగింది సార్ అని అడుగుతారు. అట్ల అడిగితే మళ్ళీ ఫలితం అడిగినట్టే.

వచ్చిన జవాబును చదవడం కూడా నేర్చుకోవాలె. జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబర్, ఇప్పటి కంపెనీలో చివరి రోజు ఎప్పుడు అని అడిగితే కాగితం మీ పేరు మీదనే కదులుతోంది. కొత్త తేదీ ఇస్తే ఇంకా బతికి ఉంది. తేదీ లేకుండా "ప్రాసెస్‌లో ఉంది" అంటే మీరు రెండో స్థానంలో ఉన్నరు, లేదా పోస్టు ఆగింది. మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం, తగిన అవకాశం వస్తే పిలుస్తాం అంటే కాదని మర్యాదగా చెప్పినట్టు. ఏ జవాబూ రాకపోతే ఏ అర్థమూ లేదు. దాంట్లోంచి అర్థం తీయడానికి మాత్రం రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇంతలో ఒక సంగతి జరిగింది. వాళ్ళ నాన్న నాకు దోస్తే, ఇక్కడనే ఉన్నడు, కోపం తెచ్చుకోడనుకుంటా. బిడ్డ ఎదురుచూడటం చూడలేక, తెలిసిన ఒక నాయకుని దగ్గర పనిచేసే మనిషి ద్వారా ఆ కంపెనీకి ఫోన్ చేయిస్తానన్నడు. మన దిక్కు పని కావాలంటే పైరవి చెయ్యాలనేది పుట్టుకతో వస్తది. నేను వద్దని మొత్తుకున్న. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు అట్లాంటి ఫోన్లు వచ్చేవి. ఫోన్ పెట్టేసినంక ఆ పేరు నాకు గుర్తుండేది, నిజమే. ఈ మనిషిని తీసుకుంటే రేపు సెలవు కోసం, ప్రమోషన్ కోసం కూడా ఇదే ఫోన్ వస్తదని గుర్తుండేది. తేదీ అడగడం వేరు, పైరవి వేరు. అభ్యర్థి తన పేరుతో తానే అడిగితేనే అది తేదీ అడగడం. నాన్న అడిగినా, మామ అడిగినా, ఆఖరికి నేను అడిగినా అది రెండోదైపోతది. ఆయన ఆగిండు.

జులై 14 దాటింది. జులై 17న వేరే కంపెనీ నుంచి ఆమెకు ఆఫర్ వచ్చింది. జీతం కొంచెం తక్కువ. 24 సోమవారం లోపల అవునో కాదో చెప్పాలె. రెండో మెయిల్ 18, మంగళవారం పోయింది. ఈసారి విషయం వేరు. "నాకు ఇంకో ఆఫర్ వచ్చింది, 24లోగా జవాబు చెప్పాలి. మీ పోస్టు నాకు మొదటి ఇష్టం. 21 శుక్రవారం నాటికి మీ నిర్ణయం గానీ, నిర్ణయం కాకపోతే ఆ సంగతి గానీ చెప్పగలిగితే దాన్ని బట్టి నడుచుకుంటాను." జీతం ఎంతో రాయలేదు, కంపెనీ పేరు రాయలేదు. అడిగితే చెప్పొచ్చు.

ఇది దాచకుండా చెప్తున్న, లేని ఆఫర్ ఉన్నట్టు రాయొద్దు. నేను కనీసం పదిసార్లు "సరే, ఆ ఆఫర్ లెటర్ మొదటి పేజీ పంపండి" అని అడిగిన. సగం మంది ఆ తర్వాత కనపడలేదు. అట్లనే "శుక్రవారం లోపు చెప్పకపోతే మీ పోస్టు వద్దనుకుంటా" అని కూడా రాయొద్దు. నిజంగా శుక్రవారం వాళ్ళు చెప్పకపోతే మీ మాటకు మీరే కట్టుబడాలె.

20వ తేదీ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, మెయిల్ కాదు. రాతలో పెట్టలేనివి ఫోన్‌లో చెప్తారు. ఆ హెచ్ఆర్ అమ్మాయి మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకరికి ఆఫర్ ఇచ్చినం, ఆయన ఒప్పుకున్నడు, చేరేది అక్టోబర్‌లో. చేరతాడో లేదో అప్పటిదాకా తెల్వదు. నీ పేరు తర్వాత ఉంది. నీకు మాట ఇవ్వలేను. ఇది విన్నంక ఆమె అరగంట ఏడ్చిందట. సాయంత్రం నాకు ఫోన్ చేసి "బాబాయ్, రెండో దాంట్ల చేరుత" అన్నది. 22న ఒప్పుకుంటున్నట్టు రాసింది. ఆ మెయిల్ పంపకుండా మౌనంగా ఎదురుచూసి ఉంటే 24 కూడా దాటిపోయేది, రెండూ చేజారేవి.

ఎప్పుడు ఆపాలో అదీ చెప్పాలె కదా. వాళ్ళ తేదీ దాటిన రెండు మూడు పని దినాలకు ఒక మెయిల్. జవాబు రాకపోతే వారం పది రోజులకు రెండోది. దానికీ రాకపోతే ఆపేయాలె. మూడోది రాస్తే తప్పని కాదు, దాని వల్ల ఏమీ తెలియదు కాబట్టి. మొదటి దానికి జవాబు లేకుంటే రెండోదాని బదులు ఒకసారి ఫోన్ చేయొచ్చు, వాళ్ళు మీకు ఫోన్ చేసిన నంబర్‌కే, పదకొండు నుంచి నాలుగు మధ్య. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ కొట్టొద్దు. మిస్డ్ కాల్ ఇచ్చి వాళ్ళే చేస్తారని చూడటం మన ఇండ్లల్ల నడుస్తది, అక్కడ నడవదు. వాట్సాప్‌లో వాళ్ళే ముందు పలకరించి ఉంటే వాట్సాప్‌లో అడగొచ్చు. నీలం టిక్కులు చూసి "చూసిన్రు కదా సార్" అని రాసిన పిల్లవాడు ఒకడుండె. మంచి పనివాడు పాపం. ఆ మాట చదివి మా ఆఫీసంతా నవ్విన్రు, నాకు మాత్రం 1992 బూత్ మీటరు గుర్తొచ్చింది.

కూర్చునే ముందు ఇంకో మాట. ఇక్కడ జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళున్నరు. మీ ఇండ్లల్ల ఇంటర్వ్యూ అంటే ఎక్కువసార్లు గల్ఫ్ ఇంటర్వ్యూ. అక్కడ నేను ఇప్పటిదాకా చెప్పిన మొహమాటం ఒక్కటి కూడా పనికిరాదు. ఏజెంటు "సెలెక్ట్ అయినవ్, వీసా వస్తది, ఆగు" అంటాడు. అక్కడ ఆత్రపడుతున్నట్టు కనపడతామేమో అని ఊకుంటే ఇంటి మీద అప్పు వడ్డీ ఊకోదు. పైసలిచ్చే ముందే అడగాలె. నీ లైసెన్స్ నంబర్ ఎంత? దాన్ని emigrate.gov.in లో చూసుకోవాలె. కంపెనీ పేరు, పని, జీతం రాసిన కాగితం ఏది? మెడికల్ ఎప్పుడు, వీసా ఎప్పుడు, పోయేది ఎప్పుడు? లైసెన్స్ ఉన్న ఏజెంటు తన సేవకు తీసుకోగలిగేది ముప్పై వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. అంతకు మించి అడిగితే ఎందుకని అడగాలె, రసీదు అడగాలె. అక్కడ వారానికోసారి అడిగినా తప్పులేదు. రాత మీద అడగాలె, వాట్సాప్‌లోనైనా సరే, రేపు పోలీస్ స్టేషన్ దాకా పోతే చూపించడానికి ఉంటది. తేదీ అడిగితే కోపం చేసే ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు పెట్టొద్దు.

ఆ అమ్మాయి మాట మధ్యల వదిలేసిన. 2023 అక్టోబర్‌లో ఆ మొదటి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వస్తానన్న మనిషి రాలేదు, నువ్వు వస్తావా అని. అప్పటికి ఆమె కొత్త దాంట్ల చేరి రెండున్నర నెలలు. రెండు రోజులు ఆలోచించి రాలేనని రాసింది. ఆ మెయిల్ కూడా నాకు చూపించింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఆ హెచ్ఆర్ అమ్మాయి పోయిన ఏడు వేరే కంపెనీకి మారి, ఈమెనే ఇంకో పోస్టుకు పిలిచింది. పోవాల్నా వద్దా అని ఇప్పుడు ఆలోచిస్తోంది. ఈసారి నన్ను అడగలేదు.

భోజనాలయినంక నేను పాత ఆరో తరగతి గది ముందర వేపచెట్టు కింద కూర్చుంటా. పంపాలనుకుంటున్న మెయిల్ ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే తీసుకొని రండి, కలిసి చూద్దాం.